ప్రమాదం జరిగిన నిమిషాలే కనిపించవు

2024 సెప్టెంబరు 2 నుంచి 19 వరకు మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవలు వాడే కొన్ని సంస్థల భద్రతా రికార్డుల్లో ఖాళీలు పడ్డాయి. ఎవరు లాగిన్ అయ్యారు, ఏ హెచ్చరిక ఎప్పుడు మోగింది లాంటి వివరాలు కొందరికి అరకొరగా అందాయి, కొన్ని అసలు అందలేదు. ఇది హ్యాకర్ల పని కాదని, తమ సొంత సాఫ్ట్‌వేర్‌లో లోపమని మైక్రోసాఫ్ట్ ఖాతాదారులకు తెలిపింది. అంతకు ముందు ఏడాదే అమెరికా ప్రభుత్వ ఈమెయిళ్లలోకి విదేశీ హ్యాకర్లు చొరబడ్డారు. ఆ సంగతి బయటపడింది ఇలాంటి లాగ్స్ వల్లనే. పసిగట్టిన విదేశాంగ శాఖ దగ్గర అదనపు రుసుము కట్టి తీసుకున్న లాగ్స్ ఉన్నాయి కాబట్టి సరిపోయింది. అలాంటి రికార్డులో రెండు వారాలకు పైగా చిల్లులు పడటం భద్రతా విభాగాల వాళ్లకు మింగుడుపడని విషయమే.

అయితే ఈ కథలో ఆసక్తికరమైనది బగ్ కాదు. బగ్ తర్వాత జరిగిన సంగతి.

మైక్రోసాఫ్ట్ వివరణ ప్రకారం, లాగ్స్‌ని పోగుచేసి కేంద్రానికి పంపే ఏజెంటు ప్రోగ్రాంలో పంపే భాగం మాత్రమే ఇరుక్కుపోయింది. పోగుచేసే భాగం ఎప్పటిలాగే పనిచేస్తూ, వచ్చిన ప్రతి లైనునూ మెషీన్‌లోనే ఉన్న నిల్వలో రాసిపెట్టింది. ఏజెంటునో మెషీన్‌నో రీస్టార్ట్ చేస్తే చాలు, నిల్వలో ఉన్నదంతా కేంద్రానికి వెళ్లిపోయేది. కానీ ఆ నిల్వకు ఒక పరిమితి ఉంది. రీస్టార్ట్ అయ్యేలోపు అది నిండిన చోట ఏజెంటు తనకు చెప్పినట్టే చేసింది. కొత్త లైన్లకు చోటు కోసం అన్నిటికంటే పాతవాటి మీద రాసుకుంటూ పోయింది. అలా పోయినవి ఇక తిరిగిరావు.

అంటే లాగ్స్ పోవడం ప్రోగ్రాం తప్పటడుగు కాదు. నిల్వ నిండితే ఏం వదిలేయాలో ఎవరో ఇంజనీరు ముందే తీర్మానించి రాసిపెట్టారు. ఇలాంటి తీర్మానం లాగ్స్ మోసే ప్రతి ప్రోగ్రాంలోనూ ఉంటుంది. చాలా కంపెనీల్లో అది డిఫాల్ట్ సెట్టింగ్ రూపంలో, ఎవరూ తెరిచి చూడని ఫైల్లో పడి ఉంటుంది.

లాగ్ అంటే ప్రోగ్రాం తన పని గురించి తానే రాసుకునే దినచర్య. ఫోన్లో డబ్బు పంపడానికి నొక్కిన ప్రతిసారీ వెనక ఎక్కడో కొన్ని లైన్లు పడతాయి. అన్నీ సవ్యంగా ఉంటే వాటిని ఎవరూ చదవరు. ఏదైనా తేడా వచ్చినప్పుడు వెతికేది మాత్రం ఇలాంటి లైను కోసమే:

```
11:02:14.331 ERROR pay-svc db connection timeout after 3000 ms
```

ఈ లైను పుట్టిన మెషీన్‌లోనే ఉండిపోతే పెద్దగా ఉపయోగం లేదు. వందల మెషీన్లున్న చోట ఒక్కొక్కదాంట్లోకీ వెళ్లి వెతకడం కుదరదు, పైగా క్లౌడ్‌లో మెషీన్లు గంటకొకటి పుట్టి పోతుంటాయి. అందుకే ప్రతి మెషీన్‌లోనూ లాగ్ షిప్పర్ అనే చిన్న ప్రోగ్రాం కూర్చుంటుంది. ఫ్లూయెంట్ బిట్, ఫ్లూయెంట్‌డీ, ఆర్‌సిస్‌లాగ్ వగైరాలు ఈ కోవలోవి. లైన్లను చదవడం, మూటకట్టడం, నెట్‌వర్క్ మీదుగా కేంద్ర నిల్వకు చేరవేయడం, ఇంతే వాటి పని.

అవతల కేంద్రం నెమ్మదిస్తే ఇవతల మూటలు పేరుకుంటాయి. ఆ ఒత్తిడి వెనక్కి పాకుతుంది. కేంద్రం నుంచి షిప్పర్‌కి, షిప్పర్ నుంచి ఒక్కోసారి లాగ్ రాస్తున్న అప్లికేషన్‌కి. ఇంజనీర్లు దీన్నే బ్యాక్‌ప్రెషర్ అంటారు. ఈ ఒత్తిడిని కాసేపు తట్టుకునేందుకే షిప్పర్ దగ్గర బఫర్ ఉంటుంది. అది చెరువు లాంటిది. చెరువు నిండాక వచ్చే నీటిని అలుగు మీదుగా వదిలేస్తారు, లేకపోతే కట్ట తెగుతుంది. లాగ్ షిప్పర్‌కీ అలుగు ఉంటుంది. తేడా ఏమిటంటే, అలుగు పారితే ఊరంతా చూడటానికి వస్తుంది. షిప్పర్ అలుగు పారుతున్న సంగతి చాలా కంపెనీల్లో ఎవరికీ తెలియదు.

ఎంత వేగంగా నిండుతుందో అంకెలతో చూస్తే గానీ తీవ్రత అర్థం కాదు. కుబర్నెటీస్ మీద నడిచే ఒక చెల్లింపుల సర్వీసును ఊహించుకుందాం. ఒక మెషీన్‌కి సెకనుకు 100 అభ్యర్థనలు వస్తాయి. ఒక్కోదానికి రెండు లైన్లు, లైనుకు 150 బైట్లు. అంటే మామూలు రోజున సెకనుకు 30 కిలోబైట్లు. కుబర్నెటీస్ ప్రతి కంటెయినర్ లాగ్ ఫైలునూ డిఫాల్ట్‌గా 10 మెగాబైట్లకు కత్తిరించి పక్కన పెడుతుంది. ఇప్పుడు రాస్తున్నదానితో కలిపి మొత్తం ఐదు ఫైళ్లే ఉంచి అంతకంటే పాతది చెరిపేస్తుంది. సెకనుకు 30 కిలోబైట్ల లెక్కన ఒక ఫైలు నిండటానికి ఆరు నిమిషాలు పడుతుంది. ఐదూ కలిపితే దాదాపు అరగంట చరిత్ర. షిప్పర్ ఐదు నిమిషాలు నిద్రపోయినా మెషీన్ మీద లాగ్స్ భద్రంగానే ఉంటాయి.

ఇప్పుడు ఉదయం 11:02కి డేటాబేస్ పలకడం మానేసిందనుకుందాం. ప్రతి అభ్యర్థన విఫలమవుతుంది. సర్వీసు వెంటనే ఓటమి ఒప్పుకోదు, మూడుసార్లు ప్రయత్నిస్తుంది. ఓడిన ప్రతిసారీ ఏ ఫంక్షన్ నుంచి ఏ ఫంక్షన్‌కి వెళ్లి ఎక్కడ దెబ్బతిందో 40 లైన్ల జాబితా రాస్తుంది. దాన్నే స్టాక్ ట్రేస్ అంటారు, ఒక్కోటి సుమారు 4 కిలోబైట్లు. 100 అభ్యర్థనలు, మూడేసి ప్రయత్నాలు, నాలుగేసి కిలోబైట్లు. సెకనుకు 1.2 మెగాబైట్లు. మామూలు కంటే 40 రెట్లు. వాడుకరులు విసుగెత్తి బటన్ మళ్లీ మళ్లీ నొక్కడం ఈ లెక్కలో కలపనే లేదు.

ఆరు నిమిషాలు పట్టే ఫైలు ఇప్పుడు తొమ్మిది సెకన్లు తిరక్కుండానే నిండుతుంది. కుబర్నెటీస్ పది సెకన్లకోసారి వచ్చి పరిమితి దాటిన ఫైలును పక్కకు జరుపుతుంది. అంతకు ముందు జరిపినదాన్ని కుదించి జిప్ చేస్తుంది, ఇంకా పాతదాన్ని చెరిపేస్తుంది. అరగంట చరిత్ర పట్టే చోట ఇప్పుడు పట్టేది 50 సెకన్లే.

షిప్పర్ వైపు పరిస్థితి ఇంకా ఇరుకు. ఫ్లూయెంట్ బిట్ వాడే చాలా చోట్ల `Mem_Buf_Limit` అనే సెట్టింగ్ 5 మెగాబైట్లు ఉంటుంది. ఇలాంటి మెషీన్లు 60 ఉంటే కేంద్ర నిల్వకు సెకనుకు 2 మెగాబైట్లు కూడా రాని చోట హఠాత్తుగా 72 మెగాబైట్లు మీద పడతాయి. అది ఊపిరాడక ‘ఇప్పుడు కాదు, తర్వాత రండి’ అని తిప్పి పంపడం మొదలుపెడుతుంది. మూటలు వెనక్కి వస్తాయి. నాలుగు సెకన్లలో 5 మెగాబైట్లు నిండిపోయి షిప్పర్ ఈ లైను రాస్తుంది:

```
[ warn] [input] tail.0 paused (mem buf overlimit)
```

ఫైలు చదవడం ఆపేశానని దాని అర్థం. ఆపడం వరకు పరవాలేదు, ఎక్కడిదాకా చదివిందో దానికి గుర్తుంటుంది. సమస్య వేరే. తిరస్కరణకు గురైన మూటను అది కొన్ని సెకన్లు ఆగి మళ్లీ పంపుతుంది. డిఫాల్ట్‌గా మళ్లీ ప్రయత్నం ఒక్కసారే. రెండోసారీ తిరస్కరిస్తే మూటను పారేస్తుంది. చోటు ఖాళీ అవుతుంది, మళ్లీ చదువుతుంది, మళ్లీ నిండుతుంది, మళ్లీ ఆగుతుంది. ఈలోగా చదవాల్సిన ఫైలు పేరు మారిపోయి, జిప్ అయిపోయి, చివరికి చెరిగిపోతుంది.

11:05కి కేంద్ర నిల్వ కోలుకుందనుకుందాం. షిప్పర్ ఉత్సాహంగా పని మొదలుపెడుతుంది, అందుబాటులో ఉన్న ఫైలు నుంచి. 11:02 తొలి సెకన్లలోని లైన్లు రెండో తిరస్కరణతోనే పోయాయి. ఆ తర్వాత రెండు నిమిషాలవి ఫైళ్లతో పాటు చెరిగిపోయాయి. ఎవరైనా ఆ మెషీన్‌లోకి లాగిన్ అయి చేత్తో వెతికినా 11:04 దాటాకే ఏమైనా కనిపిస్తుంది. అప్పటికి మిగిలినవన్నీ ఒకేరకం స్టాక్ ట్రేసులు. డేటాబేస్ ఎందుకు పలకడం మానేసిందో సూచించే లైను, ‘కనెక్షన్లన్నీ అయిపోయాయి’ అనో ‘కొత్త సెట్టింగ్ చదివాను’ అనో ఉండాల్సింది, సాధారణంగా మొదటి కొన్ని సెకన్లలోనే ఒక్కసారి పడుతుంది. పోయింది అదే.

ఆఫీసుల్లో దీన్ని దురదృష్టం కింద రాసేస్తుంటారు. అది దురదృష్టం కాదు. లాగ్స్ వేగం పెరగడం, కేంద్రం కుంగడం, ఫైళ్లు త్వరగా చెరిగిపోవడం, మూడింటికీ మూలం ఒక్కటే. డేటాబేస్ కూలిన క్షణమే మూడూ మొదలవుతాయి. మామూలు రోజుల్లో 99 శాతానికి పైగా లాగ్స్ చేరుతున్నాయని కొలిచి సంబరపడితే లాభం లేదు. ఆ మిగిలిన కొంచెం ఏ నిమిషాల్లో పడుతోందన్నదే అసలు ప్రశ్న.

ఇంతకంటే మోసపూరితమైనది తెర మీద కనిపించే బొమ్మ. చాలా టీములు ఎర్రర్ల సంఖ్యను చేరిన లాగ్స్ నుంచే లెక్కగడతాయి. 11:02కి గ్రాఫ్ నిట్టనిలువుగా లేస్తుంది. 11:03కి లాగ్స్ రావడం ఆగిపోతుంది కాబట్టి గ్రాఫ్ కిందికి జారుతుంది. ఆన్‌కాల్‌లో ఉన్న కుర్రాడు చాట్‌లో ‘అన్నా, ఎర్రర్స్ తగ్గాయి, రికవర్ అయినట్టుంది’ అని రాస్తాడు. అలారం కూడా దానంతటదే ఆగిపోతుంది, దాని లెక్కలో ఎర్రర్లు లేవు మరి. అదే సమయంలో లోడ్ బ్యాలెన్సర్ తన సొంత కౌంటర్లో ప్రతి అభ్యర్థననూ విఫలమైనట్టే చూపిస్తూ ఉంటుంది. అనుభవమున్న వాళ్లు ముందు చూసేది ఈ రెండో అంకెనే. లోడ్ బ్యాలెన్సర్ ఆ నిమిషంలో ఒక మెషీన్‌కి 6,000 అభ్యర్థనలు పంపానని చెబుతుంటే, వాటికి సంబంధించి చేరిన లాగ్ లైన్లు 400 అయితే, తగ్గినవి ఎర్రర్లు కావు.

మరి షిప్పర్ ఎందుకు వదిలేయాలి? చోటు దొరికేదాకా అప్లికేషన్‌నే ఆగమంటే పోలా? అలా నడిచే ఏర్పాటూ ఉంది. డాకర్‌లో లాగ్ డ్రైవర్ డిఫాల్ట్‌గా ఆ పద్ధతిలోనే పనిచేస్తుంది. లాగ్ లైను తీసుకునేవాడు లేకపోతే ప్రోగ్రాం ఆ లైను దగ్గరే నిలబడిపోతుంది. అంటే లాగ్స్ నిల్వ చేసే సర్వర్ కుంగితే చెల్లింపుల సర్వీసు స్తంభిస్తుంది. డేటాబేస్ బాగున్నా, నెట్‌వర్క్ బాగున్నా, దినచర్య రాసుకోవడానికి కాగితం దొరక్క బ్యాంకు పని ఆగిపోయినట్టు. ఇలాంటి దెబ్బలు తిన్నవాళ్లు `mode=non-blocking` అనే రెండో పద్ధతికి మారతారు. అందులో మధ్యలో ఒక బఫర్ ఉంటుంది. డాకర్‌లో దాని డిఫాల్ట్ పరిమాణం ఒక్క మెగాబైటు. అది నిండితే లైన్లు పోతాయి, అప్లికేషన్ మాత్రం నడుస్తుంది. అమెజాన్ తన ఈసీఎస్ కంటెయినర్ సేవలో 2025 జూన్‌లో డిఫాల్ట్‌ని మొదటి పద్ధతి నుంచి రెండోదానికి మార్చింది. సేవ ఆగడం కంటే లాగ్స్ పోవడం నయమని దాని లెక్క. చాలామంది వ్యాపారులకు అది సరైన లెక్కే. తమ తరఫున లెక్క మారిందని ఎంతమంది గమనించారన్నది వేరే సంగతి.

దీనికి పూర్తి విరుద్ధమైన తీర్పు కూడా లినక్స్‌లోనే ఉంది. ఎవరు ఏ ఫైలు ముట్టుకున్నారో నమోదు చేసే ఆడిట్ వ్యవస్థకు తన వరుస నిండిపోతే ఏం చేయాలో మూడు మాటల్లో చెప్పవచ్చు. 0 అంటే మౌనంగా ఉండు, 1 అంటే హెచ్చరిక రాయి, 2 అంటే కెర్నెల్‌నే ఆపేయ్. సాక్ష్యం లేకుండా ఒక్క పనీ జరగకూడదనుకునే చోట 2 పెడతారు. మెషీన్ కూలినా సరే గానీ నమోదు కాని పని మాత్రం జరగకూడదు. మిగతా చోట్ల 1తో సరిపెట్టుకుని, ఎన్ని పోయాయో లెక్క ఉంచుకుంటారు. `auditctl -s` అని కొడితే ఆ లెక్క కనిపిస్తుంది. ఉదాహరణకు ఇలా:

```
enabled 1
failure 1
backlog_limit 8192
lost 3127
```

ఆ `lost` పక్కనున్న అంకె సున్నా కాకపోతే, ఆ మెషీన్ గురించి ‘ఎవరూ ముట్టుకోలేదు’ అని ప్రమాణం చేసే హక్కు ఎవరికీ లేదు. మూడు వేల నమోదులు ఏమయ్యాయో తెలియదు, అంతే.

లినక్స్‌లో లాగ్స్ సేకరించే జర్నల్‌డీ కూడా ఇలాగే నిజాయితీగా చెబుతుంది. ఒక సర్వీసు 30 సెకన్లలో 10,000 లైన్లు దాటితే మిగిలిన సమయమంతా దాని మాట వినడం మానేస్తుంది, డిస్క్‌లో ఖాళీ ఎక్కువుంటే ఇంకొంత ఉదారంగా ఉంటుంది. తర్వాత `Suppressed` అనే మాటతో మొదలయ్యే ఒక లైనులో ఫలానా సర్వీసువి ఇన్ని సందేశాలు వదిలేశానని రాస్తుంది. చొరబాటుదారులకు ఇది పనికొచ్చే సమాచారమే. ఏదో ఒక పనికిరాని అభ్యర్థనతో సర్వీసు చేత వేల లైన్లు రాయించగలిగితే, ఆ తర్వాత కొన్ని సెకన్లు అది ఏం రాసినా వినేవాడు ఉండడు. అందుకే ఆ లైను కనిపించినప్పుడు సంఖ్యతో పాటు సమయం కూడా చూడాలి.

ఇదంతా చిన్న కంపెనీల నిర్లక్ష్యం అనుకోవడానికి వీల్లేదు. క్లౌడ్‌ఫ్లేర్‌లో 2024 నవంబరు 14న జరిగింది చూస్తే తెలుస్తుంది. ఖాతాదారులకు రోజూ సుమారు 4.5 లక్షల కోట్ల లాగ్ నమోదులు పంపే సంస్థ అది. ఆ రోజు అంతర్జాతీయ కాలమానం ప్రకారం 11:43కి చేసిన ఒక మార్పులో బగ్ ఉంది. ఎవరెవరి లాగ్స్ ముందుకు పంపాలో చెప్పే జాబితా దాదాపు ఖాళీగా వెళ్లింది. ఇంజనీర్లు గమనించి ఐదు నిమిషాల లోపే వెనక్కి తీసుకున్నారు. అక్కడితో అయిపోవాల్సిన కథ.

అయిపోలేదు. లాగ్స్ ముందుకు తోసే ప్రోగ్రాంలో తొలినాళ్లలో పెట్టిన ఒక జాగ్రత్త ఉంది. జాబితా ఖాళీగా వస్తే ఏదో తేడా జరిగిందని భావించి, ఎవరి లాగ్స్ పోకుండా అందరివీ పంపెయ్. కంపెనీ చిన్నగా ఉన్నప్పుడు అది తెలివైన జాగ్రత్తే. 2024లో మాత్రం ఆ ఐదు నిమిషాల్లోనే మధ్యలోని బఫర్ వ్యవస్థ మామూలుకు 40 రెట్లు ఎక్కువ బఫర్లు తయారుచేయాల్సి వచ్చి చతికిలపడింది. దాన్ని మొత్తంగా ఆపి మళ్లీ మొదలుపెట్టడానికి గంటలు పట్టింది. సుమారు మూడున్నర గంటల పాటు ఖాతాదారులకు అందాల్సిన లాగ్స్‌లో 55 శాతం శాశ్వతంగా పోయాయి. ఇలాంటి వరదను అడ్డుకునే రక్షణ ఆ బఫర్ వ్యవస్థలో ముందే ఉంది. దాన్ని సెట్ చేయలేదంతే. ఈ సంగతి క్లౌడ్‌ఫ్లేరే బహిరంగంగా రాసింది. అంత నిక్కచ్చిగా రాసే కంపెనీలు తక్కువ, ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే.

మళ్లీ మన చెల్లింపుల సర్వీసు దగ్గరికి వస్తే, అక్కడ చేయదగ్గ మొదటి పని బఫర్‌ని మెమరీ నుంచి డిస్క్‌కి మార్చడం. ఫ్లూయెంట్ బిట్‌లో అది కొన్ని లైన్ల పని:

```
[SERVICE]
    storage.path  /var/log/flb-storage/
[INPUT]
    Name          tail
    Path          /var/log/containers/*.log
    DB            /var/lib/flb/tail.db
    storage.type  filesystem
[OUTPUT]
    Name          http
    Match         *
    Retry_Limit   no_limits
    storage.total_limit_size  2G
```

ఇప్పుడు అవతల కేంద్రం పలకకపోయినా షిప్పర్ చదవడం ఆపదు, చదివినదాన్ని డిస్క్ మీద పేరుస్తుంది. ఒక్క ప్రయత్నంతో పారేయదు, దారి తెరుచుకునేదాకా ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఆ `DB` ఫైల్లో ఎంతవరకు చదివిందో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో రీస్టార్ట్ అయినా తడబడదు. సెకనుకు 1.2 మెగాబైట్ల చొప్పున 2 గిగాబైట్లు నిండటానికి అరగంటకు కాస్త తక్కువ పడుతుంది. మూడు నిమిషాల అంతరాయానికి అది బోలెడు. గంట అంతరాయానికి చాలదు. నిండాక ఫ్లూయెంట్ బిట్ కూడా మైక్రోసాఫ్ట్ ఏజెంటు చేసిందే చేస్తుంది, అన్నిటికంటే పాత మూటను పారేస్తుంది. అంటే మళ్లీ మొదటి నిమిషాలే పోతాయి. కాబట్టి ఆ 2 గిగాబైట్లు అన్న అంకెను గాల్లోంచి తీయకూడదు. ప్రమాదం రోజు వేగాన్ని, భరించాల్సిన అంతరాయాన్ని గుణించి పెట్టుకోవాలి. డిస్క్‌లో అంత చోటు ఉందో లేదో కూడా చూసుకోవాలి. లాగ్స్‌తో డిస్క్ నింపేసి అప్లికేషన్‌ని కూల్చుకున్న వాళ్లూ ఉన్నారు.

రెండో పని వరదను పుట్టిన చోటే తగ్గించడం. ఒకే స్టాక్ ట్రేస్‌ను సెకనుకు 300 సార్లు రాయడం వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. మొదటిది పూర్తిగా రాసి, తర్వాతివి ‘ఇదే ఎర్రర్, ఈ సెకనులో 299 సార్లు’ అని ఒక లైనులో చెబితే సెకనుకు 1.2 మెగాబైట్లు కొన్ని కిలోబైట్లకు దిగుతుంది. బఫర్ పెంచడం కంటే దీనివల్లే ఎక్కువ మేలు. కానీ ఇది అప్లికేషన్ రాసేవాళ్లు చేయాలి, షిప్పర్ని చూసుకునేది వేరే టీము. ఆ రెండు టీముల మధ్య మీటింగులోనే ఈ పని ఆగిపోతుంటుంది.

మూడోది ముఖ్యమైన లాగ్స్‌కి వేరే దారి ఇవ్వడం. లాగిన్‌లు, అనుమతుల మార్పులు, డబ్బు కదలికలు పరిమాణంలో చాలా తక్కువ. వాటిని డీబగ్ లైన్లతో ఒకే బఫర్‌లో కలిపితే వరదలో అవీ కొట్టుకుపోతాయి. వేరే ఇన్‌పుట్, వేరే బఫర్, వీలైతే వేరే గమ్యం పెడితే ప్రమాదం వేళ కూడా అవి నిలుస్తాయి. భారత ప్రభుత్వ సైబర్ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇక్కడి కంపెనీలు 180 రోజుల లాగ్స్ భద్రపరచాలి. పేర్కొన్న రకాల సైబర్ ఘటనలను గమనించిన ఆరు గంటల్లో తెలియజేయాలి. 180 రోజులకు డిస్కులు కొన్నామని తృప్తిపడే కంపెనీలు, చేరని లాగ్స్‌ని ఎన్ని రోజులు దాచినా ఒకటేనన్న సంగతి దర్యాప్తు రోజునే తెలుసుకుంటాయి.

పోయిన సంగతి తెలుసుకోవడానికి అన్నిటికంటే చవకైన ఉపాయం వరుస సంఖ్య. ప్రతి మెషీన్‌లో ఒక చిన్న ప్రోగ్రాం సెకనుకో లైను, 1, 2, 3 అని సంఖ్యతో రాస్తుంది. ఆ లైన్లు మిగతావాటితో కలిసి అదే దారిలో కేంద్రానికి వెళతాయి. కేంద్రంలో 41,206 తర్వాత 41,371 కనిపిస్తే మధ్యలో 164 సెకన్ల పాటు దారి మూసుకుపోయిందని తెలుస్తుంది, ఏ మెషీన్‌లో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నదీ తెలుస్తుంది. షిప్పర్ రాసుకునే `paused` హెచ్చరికను నమ్ముకోవడంలో ఒక తిరకాసు ఉంది. ఆ హెచ్చరిక కూడా లాగ్ లైనే, అదీ మూసుకుపోయిన దారిలోనే వెళ్లాలి. అందుకే షిప్పర్ ఎన్ని మూటలు పారేసిందన్న లెక్కను లాగ్స్ దారిలో కాకుండా కొలతలు సేకరించే ప్రోమీథియస్ లాంటి వేరే వ్యవస్థ వచ్చి అడిగి తీసుకునేలా పెడతారు.

వీటిలో ఏది పనిచేస్తుందో ప్రమాదానికి ముందే తేల్చుకునే మార్గమూ ఉంది. పరీక్షల కోసం ఉంచిన మెషీన్‌లో లాగ్స్ కేంద్రానికి వెళ్లే పోర్టును పది నిమిషాలు మూసేయాలి. అదే సమయంలో అప్లికేషన్ మీద ప్రమాదం రోజంత భారం పెట్టాలి. తర్వాత పోర్టు తెరిచి, పేరుకున్నదంతా చేరేదాకా ఆగి, వరుస సంఖ్యలు చూడాలి. ఖాళీ ఉందా, ఉంటే మొదట్లోనా చివర్లోనా? అప్లికేషన్ వేగం తగ్గిందా? పోర్టు తెరిచాక ఒక్కసారిగా వచ్చిన మూటల దెబ్బకు కేంద్రం మళ్లీ కుంగిందా? క్లౌడ్‌ఫ్లేర్ కూడా నవంబరు ఘటన తర్వాత ఇలాంటి అతిభార పరీక్షలు క్రమం తప్పకుండా జరుపుతామని చెప్పింది.

ఆ పరీక్షలోనూ తేలని ఒక పరిస్థితి మిగిలే ఉంటుంది. డిస్క్ మీద అరగంట లాగ్స్ పేర్చుకున్న మెషీన్‌ని, భారం తగ్గిందని క్లౌడ్ వ్యవస్థ దానంతటదే తీసేస్తే, డిస్క్‌తో పాటు బఫరూ పోతుంది. ప్రమాదాల్లో ఇది తరచూ జరిగేదే. రోగమొచ్చిన మెషీన్‌ని తీసేసి కొత్తది పెట్టడమే ఆ వ్యవస్థ పని. దీనికి కొన్ని టీములు బఫర్‌ని మెషీన్ పోయినా మిగిలే డిస్క్ మీద పెట్టి, అదనపు ఖర్చు భరిస్తున్నాయి. మరికొన్ని మెషీన్‌ని తీసేముందు షిప్పర్‌కి ఖాళీ చేసుకునే గడువు ఇస్తున్నాయి. ఆ గడువు సాధారణంగా నిమిషాల్లో ఉంటుంది. 2 గిగాబైట్ల మూటలు, ఇంకా పూర్తిగా కోలుకోని కేంద్రానికి, అంత సమయంలో చేరతాయా లేదా అన్నది మళ్లీ లెక్క వేసుకోవాల్సిందే.